సెమినార్ నోట్సు నుంచి వ్యాస ప్రణాళికకు: 'కన్యాశుల్కం' మీద ఒక పట్టిక

(గుంటూరులోని ఒక కళాశాల తెలుగు శాఖలో ఎం.ఏ. విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. మీరు పోయిన నెలలో నాలుగు వారాల పాటు 'కన్యాశుల్కం' మీద సెమినార్ జరుపుకున్నారు. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరా పది పన్నెండు పేజీల నోట్సు ఉంది. వచ్చే వారానికి వ్యాసం రాయాలి, ప్రశ్న కూడా చేతికి వచ్చింది: "కన్యాశుల్కంలో సంస్కరణను మాటల్లో మోసేవారెవరు, చేతల్లో మోసేవారెవరు? చర్చించండి." ఈ గంటలో నేను ఆ ప్రశ్నకు సమాధానం చెప్పబోవడం లేదు. మీ నోట్సును ఒకే ఒక్క పెద్ద కాగితం మీదికి, పాత్రలు ఒకవైపు, ప్రతిపాద్యాలు ఒకవైపు ఉండే పట్టికగా ఎలా మార్చుకోవాలో, అందులో నాటకం నుంచి చిన్న చిన్న వాక్యాలను ఎలా కూర్చుకోవాలో, ఆ పని ఎక్కడెక్కడ చెడుతుందో మాత్రమే చెబుతాను. థీమ్ అని మీరనే దానిని నేను ప్రతిపాద్యం అంటున్నాను.

మీ తరగతిలోని ఒక అమ్మాయి తన నోట్సులో ఒక పేజీని నాకు ఇచ్చింది, దానిని ఇక్కడ చదవడానికి అనుమతి కూడా ఇచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టుగా చదువుతాను. "గిరీశం, ఇంగ్లీషు మాటలు, పైపై సంస్కరణ. మనవాళ్లు ఒట్టి వెధవాయలోయ్. సానిదానికి నీతి, మధురవాణి మంచి మనసు. సౌజన్యారావు, యాంటీ నాచ్. పెళ్లి ఆపింది ఎవరు? కరటకశాస్త్రి, శిష్యుడి వేషం. 1034, పీఠిక. సుబ్బి, రెండు ప్రశ్నార్థకాలు." అంతే ఆ పేజీ. నిజానికి ఇది మంచి పేజీ. సెమినార్‌లో జరిగిన చర్చలో ముఖ్యమైనదంతా ఇందులోకి వచ్చింది. అయినా దీన్ని ముందు పెట్టుకుని వ్యాసం రాయడం మొదలుపెడితే మొదటి పేరాలోనే చిక్కు వస్తుంది, ఎందుకంటే ఈ పేజీలో మూడు వేరువేరు గొంతులు ఒకే సిరాలో కలిసిపోయి ఉన్నాయి.

"మనవాళ్లు ఒట్టి వెధవాయలోయ్" అన్నది నాటకంలోని మాట. "పైపై సంస్కరణ" అన్నది సెమినార్‌లో ఎవరో చేసిన వ్యాఖ్య, బహుశా అధ్యాపకులది. "సుబ్బి" పక్కన ఉన్న ప్రశ్నార్థకాలు ఆ అమ్మాయివే. ఇక "సానిదానికి నీతి" అన్నది ఏమిటి? అది గురజాడ వాక్యమా, అధ్యాపకుల మాటా, తన సొంత సంక్షేపమా అని అడిగితే నెల రోజుల తర్వాత ఆమె చెప్పలేకపోయింది. అది ఆమె తప్పేమీ కాదు, వేగంగా రాసుకునే ఎవరికైనా ఇలాగే జరుగుతుంది. కాబట్టి పట్టిక గీయడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. నోట్సు మొత్తాన్ని ఒకసారి చదువుతూ, ప్రతి ముక్క పక్కనా మార్జిన్‌లో ఒక అక్షరం వేయాలి: నాటకంలోని మాటకు 'నా', చర్చలో వేరొకరు చెప్పినదానికి 'చ', సొంత ఆలోచనకు 'సొ'. ఏదో తెలియనిదానికి చుక్క పెట్టాలి. పన్నెండు పేజీలకు ఇది అరగంట పని. చుక్క పెట్టిన ప్రతి ముక్కనూ నాటకం తెరిచి వెతకాలి, వెతికాక కూడా దొరకకపోతే దానిని నాటకంలోని మాటగా పట్టికలోకి రానివ్వకూడదు.

చుక్క పెట్టిన "సానిదానికి నీతి" అన్నదాన్ని మేమిద్దరం వెతికాం. మొదటి అంకంలో, మధురవాణి రామప్పంతులుతో మాట్లాడే చోట దొరికింది: "సానిదానికి మాత్రం నీతి వుండొద్దా". అంటే ఆమె నోట్సులోని ముక్క నాటకానిదే, కానీ సగం మాత్రమే మిగిలింది. పోయిన సగంలోనే ఆ వాక్యపు జీవం ఉంది. "మాత్రం" అనే మాటలో ఒక సవాలు ఉంది, "వుండొద్దా" అనడంలో ఎదుటివాడిని జవాబు చెప్పమని నిలదీయడం ఉంది. నోట్సులో రాసుకున్న "సానిదానికి నీతి" ఒక శీర్షికలాగా చప్పగా ఉంటుంది, దానితో ఏ వాదనా నిలబడదు.

ఇక్కడ మన ప్రాంతపు విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఈ నాటకం విజయనగరం, విశాఖపట్నం ప్రాంతపు వాడుకలో నడుస్తుంది. గుంటూరులో, బెజవాడలో పుట్టి పెరిగిన మనం ఆ వాక్యాలను జ్ఞాపకం నుంచి రాసేటప్పుడు మనకు తెలియకుండానే మన యాసలోకి దిద్దేస్తాం. "వుండొద్దా" కాస్తా "ఉండకూడదా" అయిపోతుంది, "యిహ" అన్నది "ఇక" అయిపోతుంది. మనకు అర్థంలో తేడా కనిపించదు. కానీ ఒక పాత్ర మాట్లాడే తీరును గురించే వ్యాసం రాస్తున్నప్పుడు ఆ తీరును మనమే మార్చేసి, దాన్నే సాక్ష్యంగా చూపించడం కుదరదు. వర్ణక్రమం ముద్రణకూ ముద్రణకూ కొంత మారుతుంది, ఏలూరు రోడ్డులో మీరు కొనుక్కునే ప్రతులన్నీ ఒకే రకంగా ఉండవు. నేను ఈరోజు చెప్పే వాక్యాలను కూడా మీ దగ్గరున్న ప్రతితో సరిచూసుకుని, దానిలో ఉన్నట్టుగానే రాసుకోండి. వ్యాసం పొడవునా ఒకే ప్రతిని వాడండి.

ప్రతి గురించి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ నాటకం మొదట 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. తర్వాత గురజాడ దానిని బాగా విస్తరించి, దాదాపు తిరగరాసి, 1909లో రెండో కూర్పుగా తెచ్చారు. మనం చదివేది, ఏడు అంకాలున్నది, ఈ రెండోదే. సెమినార్‌లో ఎవరైనా మొదటి కూర్పును ప్రస్తావిస్తే ఆ ముక్క పక్కన '1897' అని రాసుకోకపోతే, పట్టికలోకి వచ్చాక రెండు నాటకాలు ఒకే గడిలో కలిసిపోతాయి. చోటును గుర్తించడానికి పుట సంఖ్యకంటే అంకం, అందులోని స్థలం రాసుకోవడం మేలు, ఎందుకంటే పుటలు ప్రతిని బట్టి మారతాయి, అంకం మారదు.

ఇప్పుడు పట్టిక. అడ్డంగా పెట్టిన ఒక పెద్ద తెల్లకాగితం చాలు. ఎడమవైపు నిలువుగా పాత్రల పేర్లు, పైన అడ్డంగా ప్రతిపాద్యాలు. చాలామంది ఇక్కడ చేసే మొదటి పొరపాటు, నాటకంలో కనిపించిన ప్రతివారికీ ఒక వరుస ఇవ్వడం. పోలిశెట్టికి, సిద్ధాంతికి, బైరాగికి, హెడ్డు కనిస్టీబుకు వరుసలు గీస్తే కాగితం నిండుతుంది గానీ ప్రశ్న మునిగిపోతుంది. మన ప్రశ్న సంస్కరణ గురించి కాబట్టి గిరీశం, మధురవాణి, సౌజన్యారావు పంతులు, కరటకశాస్త్రి, ఈ నలుగురికీ వరుసలు ఇచ్చాం. ఆ అమ్మాయి పట్టుబట్టి ఐదో వరుస సుబ్బికి ఇచ్చింది. అది ఎందుకు మంచిదైందో చివర్లో చెబుతాను.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. అది పై వరుసలో జరుగుతుంది. "స్త్రీ", "సంస్కరణ", "ఆంగ్ల విద్య" అని ఒక్కొక్క మాట రాసి దానినే ప్రతిపాద్యం అనుకుంటారు. "స్త్రీ" అనే నిలువు వరుసలో నాటకంలో సగం పట్టేస్తుంది, ఏది పట్టదో చెప్పలేం. ఏదీ బయట పడని జల్లెడతో జల్లించి ప్రయోజనం లేదు. ప్రతిపాద్యాన్ని ఒక పూర్తి వాక్యంగా, ఎవరైనా కాదనడానికి వీలున్న వాక్యంగా రాయాలి. మేము రాసుకున్నవి మూడు. మొదటిది: "సంస్కరణ భాష మాట్లాడేవాడికి అది పరపతి తెచ్చిపెడుతుంది." రెండోది: "బాల్యవివాహాన్ని నిజంగా ఆపింది ఉపన్యాసం కాదు, ఉపాయం." మూడోది: "సంస్కర్త తాను మేలు చేయదలచిన వారినే కొందరిని చిన్నచూపు చూస్తాడు." ఈ మూడింటిలో దేనితోనైనా మీరు విభేదించవచ్చు. అలా విభేదించడానికి వీలుంది కాబట్టే ఒక్కో గడి నిండినప్పుడు ఆ వాక్యానికి బలం చేకూరిందా, దెబ్బ తగిలిందా అన్నది తెలుస్తుంది. ఐదు వరుసలు, మూడు నిలువు వరుసలు కలిపితే పదిహేను గడులు. ఇంతకంటే పెంచితే ఒక్క చూపులో కాగితం మొత్తం కనిపించదు. ఒక్క చూపులో కనిపించని పట్టికకూ పన్నెండు పేజీల నోట్సుకూ తేడా ఉండదు.

ఒక గడిలో ఏమేమి ఉండాలో గిరీశం వరుస, మొదటి ప్రతిపాద్యం కలిసే గడిని తీసుకుని చూద్దాం. నోట్సులో ఉన్న ముక్క "మనవాళ్లు ఒట్టి వెధవాయలోయ్". ఇది తెలుగువాళ్లందరికీ నోటికి వచ్చిన మాట. అందుకే ఇది ప్రమాదకరమైనది. దీన్ని ఒంటరిగా తెచ్చి పెడితే, స్వజాతి వెనుకబాటును చూసి బాధపడుతున్న సంస్కర్త మాటలాగా చదువుకోవచ్చు, ఆ అర్థంలో వాడినవాళ్లూ ఉన్నారు. కానీ నాటకం తెరిచి ఆ మాటకు పైనున్న వాక్యాలు చదవండి. మొదటి అంకంలో గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో మాట్లాడుతున్నాడు. పూనా డెక్కన్ కాలేజీలో చదివే రోజుల్లో భారతదేశ పతనానికి గల పదకొండు కారణాల మీద మూడు గంటలు లెక్చరిచ్చానని, "ప్రొఫెసర్లు డంగయిపోయినారు" అని గొప్ప చెప్పుకుంటున్నాడు. ఆ ఊపులోనే, ఆ గొప్పకు కొసరుగానే, మనవాళ్లు వెధవాయలన్న మాట వస్తుంది. అంటే ఆ వాక్యంలో "మన" అనే మాట చెప్పేవాడిని కలుపుకోదు. తాను తప్ప మిగిలినవాళ్లందరూ అన్నది దాని అర్థం. అది బాధ కాదు, తనను తాను ఎత్తుకోవడానికి వేసుకున్న పీట.

ఇదే సంభాషణలో ఇంకో మాట ఉంది: "నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్." ఇది కూడా అందరికీ తెలిసినదే. కానీ ఇది దేనికి జవాబుగా వచ్చిందో చూడండి. గిరీశం వల్ల తనకు అబ్బింది చుట్ట కాల్చడం ఒక్కటేనని వెంకటేశం ఫిర్యాదు చేస్తాడు. దానికి జవాబు ఈ మాట. చదువు చెప్పకుండా చుట్ట మాత్రమే నేర్పినవాడు, ఆ ఫిర్యాదును ఒక్క ఇంగ్లీషు మాటతో పక్కకు నెట్టేశాడు. మన మొదటి ప్రతిపాద్యానికి ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు. అక్కడ "చదువు" అనే తెలుగు మాట ఉంటే ఫిర్యాదు ఇంకా బిగుసుకునేది, "ఎడ్యుకేషన్" అనేసరికి పిల్లవాడి నోరు మూతపడింది. నేను ఆ అమ్మాయికి చెప్పిందేమిటంటే, రెండు వాక్యాల్లో ఒకటే ఉంచుకోమని. ఆమె రెండోదాన్నే ఉంచుకుంది. నేనూ అదే ఉంచుకుంటాను, ఎందుకంటే మొదటిది అతడి గొప్పను చూపిస్తుంది, రెండోది ఆ గొప్ప ఎదుటివాడి మీద చేసే పనిని కూడా చూపిస్తుంది.

ఆ గడి చివరికి ఇలా తయారైంది:

మాట: "నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్"
ఎవరు, ఎవరితో: గిరీశం, వెంకటేశంతో
ఎక్కడ: అంకం 1
దీనికి ముందు: చుట్ట కాల్చడం తప్ప ఏమీ నేర్పలేదని వెంకటేశం ఫిర్యాదు
కాబట్టి: చదువు లేని లోటును చదువుకు ఇంగ్లీషు పేరు పెట్టి కప్పాడు (సొ)

ఈ ఐదింటిలో విద్యార్థులు సాధారణంగా రాసుకునేవి మొదటి రెండే. నాలుగోది, "దీనికి ముందు" అన్నది, నా అనుభవంలో అన్నిటికంటే విలువైనది. నాటకంలో ఏ మాటా ఒంటరిగా పుట్టదు, ఇంకొక మాటకు జవాబుగా పుడుతుంది. ఆ ముందు మాట లేకుండా ఉల్లేఖనం తెస్తే దాని దిశ తప్పిపోతుంది. ఉల్లేఖనం నిడివి విషయంలో నేను పాటించే కొలత ఏమిటంటే, నాలుగు నుంచి ఎనిమిది మాటలు. అంతకంటే పొడవైతే పట్టికలో ఇమడదు, వ్యాసంలో మీ వాక్యంలోకి ఒదగదు, పరీక్ష హాలులో గుర్తూ ఉండదు. ఐదో పంక్తి చివర ఉన్న 'సొ' అక్షరం కూడా ముఖ్యమే. ఆ తీర్పు ఆమెదే అని ఆ అక్షరం చెబుతోంది, అధ్యాపకుల మాట అయితే 'చ' ఉండేది, అప్పుడు వ్యాసంలో ఆ మాట తనదన్నట్టుగా రాయకూడదని ఆమెకు గుర్తుండేది.

ఇప్పుడు మధురవాణి వరుసకు వద్దాం. నోట్సులో "సానిదానికి నీతి, మధురవాణి మంచి మనసు" అని రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి, మొదటిది రెండోదానికి రుజువు అన్నట్టు పట్టికలోకి ఎక్కించాలనిపిస్తుంది. కానీ ఆ వాక్యం దాన్ని రుజువు చేస్తుందా? మధురవాణి అప్పటికి గిరీశం పోషణలో ఉంది. రామప్పంతులు ఆమెను తన దగ్గరికి తెచ్చుకోవాలని వచ్చి చొరవ చేయబోయాడు. ఇప్పుడున్న ఏర్పాటు తేలేవరకు తనను తాకవద్దని ఆమె అంటోంది. ఆ మాట వృత్తిలోని ఒక కట్టుబాటు గురించి. అది నిక్కచ్చితనాన్ని చూపిస్తుంది, మాటకారితనాన్ని చూపిస్తుంది, కాస్త బేరాన్ని కూడా చూపిస్తుంది. మంచి మనసును మాత్రం చూపించదు. ఉల్లేఖనానికీ పక్కనున్న వ్యాఖ్యకూ మధ్య ఇలాంటి ఖాళీ ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. వ్యాఖ్యను చేత్తో మూసి ఉల్లేఖనం మాత్రమే చదివి, దీని నుంచి ఏమి తేలుతుందో ఒక వాక్యంలో చెప్పండి. మీరు చెప్పిన వాక్యం మూసిన వ్యాఖ్యతో కలవకపోతే రెండింటిలో ఒకదాన్ని మార్చాలి. ఆ అమ్మాయి వ్యాఖ్యను మార్చి, "తనను తక్కువగా చూసేవాడిని నీతి మాటతోనే నిలవరిస్తుంది" అని రాసి, దాన్ని మూడో ప్రతిపాద్యం గడిలోకి జరిపింది.

అయితే మధురవాణి చేసిన మేలు పట్టికలో ఎక్కడ కనిపించాలి? రెండో ప్రతిపాద్యం గడిలో. అక్కడ ఉల్లేఖనం అవసరమే లేదని నా అభిప్రాయం. ఆ ప్రతిపాద్యం చేతల గురించి కాబట్టి దానికి సాక్ష్యం చేతే. కరటకశాస్త్రి తన మేనకోడలు సుబ్బిని లుబ్ధావధానులకు ఇవ్వకుండా తప్పించడానికి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, ఆ ముసలాయనకు పెళ్లికూతురుగా అప్పగించే పన్నాగం పన్నుతాడు. మధురవాణి దానికి తోడ్పడి తన కంటెను ఆ దొంగ పెళ్లికూతురికి పెట్టడానికి ఇస్తుంది. చివరికి ఆ "పెళ్లికూతురు" మాయమై లుబ్ధావధానుల మీద ఖూనీ కేసు మోపబడినప్పుడు, విశాఖపట్నంలో మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి నిజం బయటపెడుతుంది. ఇక్కడ గడిలో రాయవలసింది మూడు చిన్న పంక్తులు: కంటె ఇవ్వడం, మగవేషంలో వెళ్లడం, నిజం చెప్పడం, వాటి అంకాలతో సహా. మాటల గడులకు ఉల్లేఖనం, చేతల గడులకు సంఘటన. ప్రశ్నలోనే మాట, చేత అన్న విభజన ఉన్నప్పుడు ఈ తేడా పాటించకపోతే, నోరున్న పాత్రలకు గడులు నిండిపోయి, పని చేసిన పాత్రల వరుసలు వెలవెలబోతాయి. గిరీశం వరుస అలా పొంగిపోవడం నేను చాలా పట్టికల్లో చూశాను, చివరికి వ్యాసం కూడా గిరీశం గుణగణాల వర్ణనగా మారిపోతుంది.

సౌజన్యారావు పంతులు వరుస గురించి కొద్దిగా చెప్పి వదిలేస్తాను. ఆయన నిజాయితీ గల వకీలు, సంస్కరణను నమ్మి దానికోసం పని చేసేవాడు, అదే సమయంలో వేశ్య ముఖం చూడకూడదన్న పట్టుదల గలవాడు. మూడో ప్రతిపాద్యానికి కేంద్రం ఆయనే. ఆయన గడిలో పెట్టదగిన మాటలు ఏడో అంకంలో మధురవాణితో జరిగే సంభాషణలో ఉన్నాయి. వాటిని మీరే వెతికి ఒకటి ఎంచుకోండి, నేను ఎంచి ఇస్తే 'చ' అవుతుంది. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. ఆ సంభాషణ మొదట్లో ఆయన అనే మాట, చివర్లో అనే మాట ఒకటి కావు. పట్టిక గడులుగా ఉంటుంది కాబట్టి పాత్ర మారిన సంగతిని సులువుగా మింగేస్తుంది. అందుకని మారే పాత్రకు గడిని మధ్యలో ఏటవాలు గీతతో రెండుగా చీల్చి, పైన మొదటి మాట, కింద చివరి మాట రాయండి. గిరీశం గడికి అలాంటి గీత అక్కరలేదు. మొదటి అంకంలో పూటకూళ్లమ్మకు "సంతలో సామాను కొనిపెడతానని" డబ్బు పట్టుకెళ్లి వేరే దానికి ఖర్చు చేసినవాడు, నాటకం చివరి వాక్యంలో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు. బుచ్చమ్మను వెంట తీసుకుపోయి వితంతు వివాహం చేసుకుంటానన్న పెద్దమనిషికి, ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతారని తెలిసినప్పుడు తోచింది తన కథ అడ్డం తిరగడమే. ఈ రెండు మాటలూ ఒకే గడిలో పక్కపక్కన పెట్టండి, గీత లేకుండా.

నోట్సులో ఉన్న 1034 సంగతి మిగిలింది. మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాలో చేరినవి 1034 అని ఉంది. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్లవారు. ఇది బలమైన సమాచారం. కానీ ఇది ఏ పాత్రా అన్న మాట కాదు, ఏ పాత్ర వరుసలోనూ పెట్టకూడదు. కాగితం కింద ఒక సన్నని పట్టీ గీసి, "నాటకం బయట" అని పేరు పెట్టి అక్కడ రాయండి. వ్యాసంలో దాన్ని ఒక్కసారి, ఒక్క వాక్యంలో వాడుకోండి. చాలా వ్యాసాల్లో మొదటి పేజీ అంతా ఇలాంటి నేపథ్యంతోనే నిండి, నాటకం రెండో పేజీలో గానీ మొదలు కాదు. పట్టీ సన్నగా ఉంటే ఆ పొరపాటు జరగదు.

పట్టిక నిండాక దాని నుంచి వ్యాస ప్రణాళికకు వెళ్లే దారి ఒకటే. పట్టికను అడ్డంగా కాదు, నిలువుగా చదవాలి. అడ్డంగా చదివితే గిరీశం గురించి ఒక పేరా, మధురవాణి గురించి ఒక పేరా, అలా పాత్రచిత్రణల వరుస వస్తుంది, ప్రశ్నకు జవాబు రాదు. నిలువుగా చదివితే ఒకే ప్రతిపాద్యం కింద నలుగురు ఎదురెదురుగా నిలబడతారు. మా రెండో నిలువు వరుసను చదివినప్పుడు ఏం కనిపించిందో చెబుతాను. గిరీశం గడిలో సుబ్బి పెళ్లి ఆపడానికి అతడు చేసిన పని ఏదీ లేదు. ఉన్నదల్లా బుచ్చమ్మను లేవదీసుకుపోవడం. సౌజన్యారావు పంతులు గడిలో కేసు నడపడం ఉంది, కానీ అప్పటికి పెళ్లి వ్యవహారం దాటిపోయింది. పెళ్లి ఆపిన చేతలన్నీ నాటకాల్లో వేషాలు వేసే కరటకశాస్త్రి, ఆయన శిష్యుడు, మధురవాణి చేసినవి. వీళ్లెవరూ సంస్కరణ అన్న మాట పట్టుకుని తిరిగేవారు కారు. ఆ అమ్మాయి తన రెండో పేరాకు మొదటి వాక్యాన్ని నేరుగా ఈ నిలువు వరుస నుంచే తీసుకుంది: "నాటకంలో సుబ్బి పెళ్లిని తప్పించినవారు సంస్కర్తలు కారు, వేషం వేయడం తెలిసినవారు."

ఉల్లేఖనాన్ని పేరాలోకి తేవడంలో ఒక్క జాగ్రత్త చాలు. దాన్ని మీ వాక్యం లోపలే ఒదిగించండి, వాక్యం పూర్తయ్యాక విడిగా తగిలించకండి. వెంకటేశం ఫిర్యాదుకు జవాబుగా గిరీశం తనతో మాట్లాడడాన్నే "ఎడ్యుకేషన్" అని పిలిచి ఊరుకున్నాడు అని రాస్తే, ఒక్క మాట తెచ్చినా అది వాదనలో భాగమవుతుంది. తెచ్చిన మాటకంటే దాని గురించి మీరు రాసేది ఎక్కువ ఉండాలి. ఉల్లేఖనం తర్వాత వెంటనే ఇంకో ఉల్లేఖనం వస్తే రెండింటిలో ఒకటి తీసేయండి.

ఇక సుబ్బి. ఆమెకు వరుస వద్దన్నది మొదట నేనే. ఆ అమ్మాయి వినలేదు, మూడు గడులూ గీసింది, నాటకమంతా వెతికింది. నిశ్చయమైన పెళ్లి ఆమెది, ఆగిన పెళ్లి ఆమెది, దాని చుట్టూ ఏడు అంకాల నాటకం నడిచింది. ఆమె గురించి అందరూ మాట్లాడారు. కానీ ఆ పెళ్లి గురించి ఆమె చెప్పిన మాటంటూ ఒక్కటీ పట్టికకు దొరకలేదు. మూడు గడులూ ఖాళీగానే ఉండిపోయాయి. వాటిని కొట్టేస్తానని ఆమె అంటే ఈసారి నేను వద్దన్నాను. ఖాళీ గడిని ఉల్లేఖించలేం కదా అని ఆమె అడిగింది. ఉల్లేఖించలేం, కానీ ఆ ఖాళీకి కారణమైన మాటను ఉల్లేఖించవచ్చు. ఇంట్లో భార్య, బావమరిది కాదంటున్నా అగ్నిహోత్రావధానులు అన్న మాట ఉంది కదా: "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి." ఆ మాటలో తాంబూలాలు ఇచ్చినవాడు ఉన్నాడు, తన్నుకు చావవలసినవాళ్లు ఉన్నారు, పెళ్లికూతురు లేదు. ఆమె ఆ వాక్యాన్ని సుబ్బి వరుసలో, మూడు గడులకూ అడ్డంగా, ఒకే గీత మీద రాసింది. ఆమె వ్యాసంలో చివరి పేరా ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.